లిపుల ప్రయాణం పోస్టరు: ఇరవై మాటల్లో ఏం చెప్పాలి, బాణం ఎక్కడ గీయాలి

అడిగినది: "మాది కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూలు. హాలు గోడకి ఆరడుగులు బై నాలుగడుగుల ఫ్లెక్సీ వేయిస్తున్నాం, లిపులు ప్రపంచమంతా ఎలా వ్యాపించాయో మ్యాపు మీద బాణాలతో. ఒక్కో క్యాప్షన్ ఇరవై మాటల లోపే ఉండాలని హెచ్‌ఎం గారి షరతు. నేను రాసిన ఒకటి ఇదీ: 'ప్రాచీన కాలంలో మన తెలుగువారు ఓడల మీద ఆగ్నేయాసియా దేశాలకు వెళ్లి అక్కడి ప్రజలకు సంస్కృత లిపిని నేర్పించడం వలన ఖ్మేర్, థాయ్, బర్మీస్ మొదలైన అనేక భాషలు పుట్టి నేటికీ వాడుకలో ఉన్నాయి.' ఇరవైకి ఎలా కుదించాలి? మిగతావి ఎలా రాయాలి?"

సమాధానం:

అమ్మా, మీ వాక్యం 25 మాటలు. ఐదు మాటలు తీసేయడం పెద్ద పని కాదు. "ప్రాచీన కాలంలో", "మొదలైన అనేక", "నేటికీ వాడుకలో" కొట్టేస్తే షరతు తీరిపోతుంది. కానీ ఆ వాక్యంలో మూడు తప్పులున్నాయి, కుదించినా అవి అట్లాగే ఉంటాయి. నేను ఒంగోలులో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఎగ్జిబిషన్లకి ఇలాంటి పోస్టర్లు చాలా చేశాను, ఇవే తప్పులు నేనూ చేశాను. అందుకని ముందు తప్పుల సంగతి, తర్వాత కుదింపు.

మొదటిది, "సంస్కృత లిపి" అనేది లేదు. సంస్కృతం భాష. దాన్ని బ్రాహ్మిలో రాశారు, గ్రంథ లిపిలో రాశారు, నాగరిలో రాశారు, మనం తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. రెండోది, లిపి వెళ్లడం వల్ల భాషలు పుట్టవు. కంబోడియాలో ఖ్మేర్ మాట్లాడేవాళ్లు అక్షరాలు రాకముందూ ఖ్మేరే మాట్లాడారు, వాళ్లకి కొత్తగా వచ్చింది రాత. మూడోది, ఎవరు తీసుకెళ్లారన్నది. వర్తకులా, పురోహితులా, బౌద్ధ భిక్షువులా, లేక అక్కడివాళ్లే ఇక్కడికొచ్చి నేర్చుకుపోయారా అన్నది రాళ్ల మీద రాసి లేదు. రాళ్ల మీద ఉన్నది అక్షరాల రూపం, భాష, రాజు పేరు, కొన్నిటి మీద తేదీ. క్యాప్షన్ వాటిని దాటి పోకూడదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను:

"క్రీ.శ. 400 నాటికే దక్షిణ భారత లిపి సముద్రం దాటింది. తర్వాత ఖ్మేర్, మాన్, జావా భాషలవాళ్లు దాన్ని తమ పలుకుకు మలుచుకున్నారు."

17 మాటలు. ఇందులో 400 ఎక్కడిదంటే, బోర్నియో దీవిలో కుటై అనే చోట దొరికిన యూప స్తంభాలది. మూలవర్మ అనే రాజు యాగం చేసి, దానాలిచ్చి, ఆ సంగతి రాతి స్తంభాల మీద చెక్కించాడు. వాటి మీద తేదీ లేదు. అక్షరాల తీరు చూసి సుమారు 400 అని కట్టారు. అందుకే "నాటికే" అన్నాను గానీ "400లో" అనలేదు. ఈ "సుమారు", "ప్రాంతం", "నాటికే" అన్న మాటల్ని కుదింపు పేరుతో తీసేయకండి. తీసేస్తే అంచనా కాస్తా తేదీ అయిపోతుంది.

మీరు రాసిన థాయ్, బర్మీస్ నా వాక్యంలో లేవని గమనించే ఉంటారు. అవి నేరుగా మన తీరం నుంచి వెళ్లలేదు. థాయ్ అక్షరాలు ఖ్మేర్ నుంచి వచ్చాయి. బర్మీస్‌కి బాణం, బర్మా దక్షిణాన ఉన్న మాన్‌వాళ్ల నుంచి గీయడం మామూలు. మ్యాపు మీద మచిలీపట్నం నుంచో నెల్లూరు నుంచో బ్యాంకాకుకి ఒకటే పొడుగు బాణం గీస్తే మధ్యలో ఉన్న ఖ్మేరువాళ్లు మాయమైపోతారు. కాబట్టి రెండు బాణాలు గీయండి, ఒకటి తీరం నుంచి కంబోడియాకి, రెండోది కంబోడియా నుంచి సుఖోథాయ్‌కి.

ఆ రెండో బాణం మీద ఉండాల్సిన మాట చాలా విలువైంది. థాయ్‌లో ఒకే మాటని గొంతు ఎత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకో అర్థం. ఖ్మేర్‌కి ఆ అవసరం లేదు, అందుకని ఆ గుర్తులూ లేవు. థాయ్‌వాళ్లు అక్షరం పైన కొత్త గుర్తులు పెట్టుకున్నారు. దీన్ని "స్వరాల గుర్తులు" అని రాస్తే మన పిల్లలు అచ్చులు అనుకుంటారు, స్వరం అంటే వాళ్లకి అచ్చే. "గొంతు ఎత్తు, దింపులకు గుర్తులు" అని రాయండి. మాటలు రెండు పెరిగినా పర్వాలేదు.

ఇప్పుడు బాణాల సంగతి. పోస్టరులో క్యాప్షన్ల కన్నా ముందు కంటికి తగిలేది బాణం. బాణం తప్పు చెబితే కింద ఎంత జాగ్రత్తగా రాసినా లాభం లేదు. అందుకని నేను మూడు రకాల గీతలు పెడతాను, మూలన ఒక చిన్న పెట్టెలో వాటి అర్థం రాస్తాను.

నిండు గీత అంటే అక్షరాలే వెళ్లాయి, రూపం, శబ్దం రెండూ. ఇప్పటి లెబనాన్ తీరంలో ఉన్న ఫినీషియా నుంచి గ్రీసుకి అది. ప్రశ్నగుర్తు పెట్టిన గీత అంటే పండితులు ఇంకా వాదిస్తున్నారు. పశ్చిమాసియాలో వాడిన అరామాయిక్ లిపి నుంచి బ్రాహ్మికి అది. కొందరు అక్కడి నుంచే వచ్చిందంటారు, కొందరు ఇక్కడే పుట్టిందంటారు. పోస్టరు గోడ మీద ఆ తగువు తీర్చక్కర్లేదు, తగువు ఉందని చూపిస్తే చాలు. బ్రాహ్మి పక్కనే వాయవ్యాన వాడిన ఖరోష్ఠికి మాత్రం ప్రశ్నగుర్తు అక్కర్లేదు. కుడి నుంచి ఎడమకి రాసే ఆ లిపి అరామాయిక్ నుంచే వచ్చిందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

మూడోది చుక్కల గీత. అక్షరాలు వెళ్లలేదు, రాయొచ్చు అనే ఆలోచన వెళ్లింది అని దాని అర్థం. దీనికి అమెరికాలో చెరొకీ తెగకు చెందిన సెక్వోయాని మించిన ఉదాహరణ నాకు తెలీదు. ఆయనకి ఇంగ్లిషు చదవడం రాదు. తెల్లవాళ్లు కాగితం చూసి మాట్లాడుకోవడం చూశాడు. తన భాషకీ అట్లాంటిది ఉండాలని ఏళ్ల తరబడి కూర్చుని 1821 నాటికి ఎనభై పైచిలుకు గుర్తులు కట్టాడు. కొన్ని గుర్తులు చూడటానికి ఇంగ్లిషు అక్షరాల్లాగే ఉంటాయి గానీ శబ్దం పూర్తిగా వేరు. ఇంగ్లిషు "డి" లాంటి గుర్తుకి చెరొకీలో "అ" శబ్దం. రూపం చూసి నిండు బాణం గీసేస్తే పిల్లలకి అబద్ధం చెప్పినట్టే. ఆయన క్యాప్షన్ ఇదీ:

"సెక్వోయా, చెరొకీ: ఇంగ్లిషు చదవడం రాకున్నా, రాత అనే ఆలోచన పట్టుకుని 1821 నాటికి తన భాషకు అక్షరాలు కల్పించాడు."

15 మాటలు. ఇంతకు మించి ఏదీ చేర్చకండి.

ఇక ఏ గీతా రాని చోట్లు ఉంటాయి. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న సుమేరు, చైనా, మధ్య అమెరికా. అక్కడ రాత దానంతట అదే పుట్టింది. ఆ మూడు చోట్లా బాణం బదులు ఒక చుక్క పెట్టండి. ఈజిప్టు విషయంలో సుమేరు నుంచి ఆలోచన అందిందా లేదా అన్నది తేలలేదు, దానికి చుక్కల గీత మీద ప్రశ్నగుర్తు. సుమేరుకి నేను వాడేది:

"క్రీ.పూ. 3300 ప్రాంతం, ఉరుక్ నగరం. గుడి గిడ్డంగుల లెక్కలు తడి మట్టిపలకల మీద గీసుకున్నారు. రాత అక్కడ లెక్కతో మొదలైంది."

గ్రీసుకి:

"ఫినీషియా అక్షరాల్లో హల్లులే ఉండేవి. గ్రీకులు తమకు అక్కరలేని కొన్ని హల్లుల్ని అచ్చులుగా మార్చుకున్నారు. క్రీ.పూ. 8వ శతాబ్దం."

ఈ రెండూ చూస్తే నా పద్ధతి తెలిసిపోతుంది. చోటు, కాలం, దేని మీద రాశారు, కొత్తగా ఏం మారింది. నాలుగోదే ప్రాణం. మొదటి మూడూ ఉండి నాలుగోది లేకపోతే అది క్యాప్షన్ కాదు, రైల్వే టైంటేబుల్. చోటు తక్కువైతే కాలాన్ని పక్కన చిన్న లేబుల్‌గా పెట్టుకోండి, మారిన సంగతి మాత్రం వాక్యంలోనే ఉండాలి.

ఇప్పుడు మన ఇంటి సంగతికొద్దాం. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, మనది అన్న ఇష్టం వల్ల.

చాలా ఏళ్ల కిందట నేనొక పోస్టరు మీద "తెలుగు లిపి క్రీ.శ. 575లో పుట్టింది" అని రాశాను. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు దాని ముందు నిలబడి, "సార్, అయితే 574లో వాళ్లు ఏం రాసుకునేవాళ్లు?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఆ 575 రేనాటి చోళుల శాసనాలకి వేసిన అంచనా. కడప వైపు దొరికిన ఆ రాళ్లు, పూర్తి తెలుగు వాక్యాలున్నవాటిలో మనకి దొరికిన పాతవి. దొరికినది పుట్టినరోజు కాదు. రేపు ఇంకో పాత రాయి దొరకొచ్చు. ఆ పిల్లవాడి ప్రశ్న తర్వాత "తొలి శాసనం" అని ఎక్కడా రాయలేదు, "దొరికినవాటిలో పాతది" అనే రాస్తున్నాను. పైగా అది తెలుగు భాషకి సంబంధించిన సంగతి. లిపి మాత్రం అప్పటికే వందల ఏళ్లుగా ఈ నేల మీద ఉంది, దాంతో ప్రాకృతం రాశారు, సంస్కృతం రాశారు.

భట్టిప్రోలు దానికి మంచి సాక్ష్యం. 1892లో అక్కడి స్తూపంలో ధాతువుల, అంటే బుద్ధుని అవశేషాల పేటికలు దొరికాయి. వాటి మీద ఉన్నది బ్రాహ్మిలో ఒక రకం, భాష ప్రాకృతం. దాని ప్రత్యేకత చూడండి. మామూలు బ్రాహ్మిలో "క" అన్న గుర్తులోనే అకారం కలిసి ఉంటుంది, పక్కన చిన్న అడ్డగీత చేరిస్తే "కా" అవుతుంది. భట్టిప్రోలులో ఆ అడ్డగీతని అకారానికే వాడారు, "కా"కి వేరే గుర్తు పెట్టుకున్నారు. హల్లునీ అచ్చునీ విడదీసి చూసిన చేయి అది. దీన్ని "తెలుగు లిపికి తల్లి" అని రాసేస్తుంటారు. అలా రాయకండి. ఆ పద్ధతి తర్వాత కొనసాగలేదు, మన తెలుగు అక్షరంలో అకారం కలిసే ఉంది.

"భట్టిప్రోలు: బుద్ధ ధాతువుల పేటిక మీద బ్రాహ్మి. భాష ప్రాకృతం. ఇక్కడ అకారానికి కూడా విడిగా గీత పెట్టారు."

అద్దంకి మీకు మరీ దగ్గర. పండరంగని శాసనం, క్రీ.శ. 848. ఇందులో తెలుగు తరువోజ పద్యం ఉంది. వచనం రాసే భాష పద్యం దాకా వచ్చిందని చూపించే రాయి అది. పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లి ఊరైనా చూపిస్తే గోడ మీది చుక్క నేల మీది ఊరవుతుంది.

"అద్దంకి: పండరంగని శాసనం, క్రీ.శ. 848. అప్పటికే తెలుగువాళ్లు రాతి మీద తరువోజ పద్యం చెక్కించారు."

సముద్రం దాటిన బాణం ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా తేల్చుకోవాలి. "పల్లవ లిపి" అని అందరూ అంటారు కాబట్టి కంచిలో మొదలెట్టడం అలవాటు. కానీ ఆ కాలంలో కృష్ణా నుంచి కంచి దాకా తీరమంతా దగ్గరదగ్గరగా ఒకే తీరు అక్షరాలు వాడారు. ఇక్ష్వాకులు, శాలంకాయనులు, పల్లవులు. మన ప్రాంతంలోనూ పల్లవుల రాగిరేకులున్నాయి. ఓంగోడు అనే ఊరిని దానమిచ్చిన రేకులు వాటిలో ఉన్నాయి, ఆ ఓంగోడు ఒంగోలే కావచ్చని అంటారు. భాష సంస్కృతం. అట్లాగని బాణాన్ని ఒంగోలు నుంచి మొదలుపెట్టాలని నాకూ మనసు లాగింది, పెట్టలేదు. తీరం పొడుగునా ఒక లేతరంగు పట్టీ గీసి, బాణం ఆ పట్టీ నుంచి బయల్దేరేట్టు పెట్టండి. పట్టీ మీద "తూర్పు తీరపు దక్షిణ బ్రాహ్మి, క్రీ.శ. 3–5 శతాబ్దాలు" అని లేబుల్. అప్పుడు ఏ ఊరికీ అన్యాయం జరగదు.

నెల్లూరు, గూడూరు వైపు పాత శాసనాల్లో తమిళం కూడా బాగా కనిపిస్తుంది. లిపికి, భాషకి, జిల్లా గీతకి సంబంధం లేదని చూపించడానికి ఆ ఒక్క సంగతి చాలు. 1905లో అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాల్లో తాలూకా వారీగా ఊళ్లున్నాయి. అప్పటి పాత జిల్లా ఊళ్లు కాబట్టి ఒంగోలు వైపువి కూడా అందులో దొరుకుతాయి. మీ బడికి దగ్గరి ఊరి శాసనం ఒకటి వెతికి, మ్యాపు కింది మూలలో అతికించండి. పిల్లలు ముందు చదివేది దాన్నే.

ఒక అక్షరం నడకని చూపించే వరస కూడా పెట్టమంటాను, అదీ "క"తో. అశోకుని బ్రాహ్మిలో "క" అంటే లెక్కల్లో కూడిక గుర్తే. ఇక్ష్వాకుల నాటికి నిలువు కాలు పొడుగై కింద వంపు తిరిగింది. ఆ వంపు పోనుపోను పైకి లేచింది, అడ్డగీత వంగింది, నెత్తిన ఉన్న చిన్న మేకు తల మన తలకట్టు దాకా వచ్చింది. నాలుగైదు బొమ్మలు, ఒక్కోదాని కింద శతాబ్దం మాత్రమే. ఇక్కడ వాక్యాలొద్దు, బొమ్మే చెబుతుంది. కంప్యూటర్లో బ్రాహ్మి "క" కావాలంటే `Noto Sans Brahmi` ఫాంటు వేసుకుని `U+11013` అన్న అక్షరం పెట్టండి. మధ్య రూపాలకి ఫాంట్లు దొరకవు, శాసనాల ఫొటో చూసి ట్రేసింగ్ పేపరు మీద చేత్తో గీసి స్కాన్ చేయించాలి.

ఇరవై మాటల లెక్క గురించి. తెలుగులో మాటలు అతుక్కుంటాయి. "మట్టిపలకలమీద" అని కలిపి రాసి ఒకటి తగ్గింది అనుకోవచ్చు గానీ గోడ మీద చోటు తగ్గదు. అందుకని మాటలతో పాటు వరసలు కూడా లెక్కపెట్టండి. మీ ఫ్లెక్సీకి నేనైతే క్యాప్షన్‌ని 36 పాయింట్లలో పెట్టి నాలుగు వరసలు దాటనివ్వను. వరసకీ వరసకీ ఎడం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు పైనే ఉండాలి. లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. రాసినదాన్ని ఎనిమిదో తరగతి పిల్లకిచ్చి, గోడకి ఐదడుగుల దూరంలో నిలబెట్టి ఒక్కసారి చదివించండి. తర్వాత వెనక్కి తిరిగి ఏం మారిందో చెప్పమనండి. చెప్పలేకపోతే వాక్యంలో రెండు సంగతులు ఇరికించారని అర్థం.

ఆఖరుది ఫ్లెక్సీ షాపు. నా పోస్టరు ఒకసారి వత్తులన్నీ విడిపోయి వచ్చింది. "బ్రాహ్మి" కాస్తా పొల్లులు, విడి అక్షరాలుగా పడింది. ఫైలు నేను యూనికోడ్‌లో ఇచ్చాను, వాళ్లు దాన్ని ఫొటోషాపులో అతికించి అట్లాగే ప్రింటుకి పంపేశారు. ఫొటోషాపులో టైపు సెట్టింగుల్లో `World-Ready Layout` ఎంచుకుంటే వత్తులు సరిగా కూర్చుంటాయి. పాత వెర్షన్లలో అదే `Middle Eastern and South Asian` అని ఉంటుంది. యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో టైపు చేసేవాళ్ల దగ్గరైతే మీ యూనికోడ్ మాటలు అతికించినా పనిచేయవు, మళ్లీ కొట్టాల్సిందే, అప్పుడు అచ్చుతప్పులు కొత్తగా వస్తాయి. అన్నిటికన్నా భద్రం, మీరే పేజీ తయారుచేసి ఫాంట్లతో సహా పీడీఎఫ్ ఇవ్వడం. ప్రూఫు కాగితం మీద "బ్రాహ్మి", "ఖ్మేర్", "ఇక్ష్వాకులు", "ఖరోష్ఠి" ఈ నాలుగు మాటలూ వేలు పెట్టి చూసుకోండి. ఈ నాలుగూ నిలబడితే మిగతావి నిలబడతాయి. మీరు రాసిన మిగతా క్యాప్షన్లు ఇక్కడే పెట్టండి, ఒక్కోటీ చూసి చెబుతాను.